కరివేపాకు పొడి లిస్టింగు తీసేశారు, అప్పీలులో ఏం రాయాలి?

ప్రశ్న: మాది కావలి దగ్గర పల్లె. కరివేపాకు పొడి చేసి 200 గ్రాముల ప్యాకెట్లలో ఎనిమిది నెలలుగా ఆన్‌లైన్‌లో అమ్ముతున్నా. పోయిన నెల లిస్టింగు తీసేశారు. కారణం 'వైద్యపరమైన క్లెయిము' అన్నారు. మొదటిసారి బతిమాలుతూ రాశా. రెండోసారి మా పొడి నూటికి నూరు శాతం నేచురల్, ఎవరికీ హాని చేయదు అని రాశా. మూడోసారి వివరణలో షుగర్ అన్న మాట తీసేసి 'సరిచేశాను, దయచేసి పెట్టండి' అని రాశా. మూడుసార్లూ కుదరదన్నారు. కొత్త లిస్టింగు పెట్టుకో అక్కా అంటున్నాడు మా తమ్ముడు. ఇంతకీ వాళ్లకు ఏం రాస్తే ఒప్పుకుంటారు?

సమాధానం: తమ్ముడి మాట మాత్రం వినకండమ్మా. తీసేసిన సరుకునే ఇంకో పేరుతోనో, ఇంకో ఫోటోతోనో మళ్లీ పెడితే, నిబంధన నుంచి తప్పించుకోవడానికి చేశారని లెక్కేస్తారు. ఇప్పుడు పోయింది ఒక్క లిస్టింగు. అప్పుడు ఖాతానే ఆపేసే ప్రమాదం ఉంది, మీకు రావాల్సిన డబ్బు కూడా అందులో ఇరుక్కోవచ్చు. ఈపాటికే పెట్టేసి ఉంటే మీ అంతట మీరే తీసేసి, ఆ సంగతి అప్పీలులో ఒక వాక్యంగా చెప్పండి. దాచడం కన్నా అదే మేలు.

మీ మూడు అప్పీళ్లలో మూడోదే దారిలో పడింది. కాకపోతే ఒక్కచోట తుడిచి ఆగిపోయారు. ఆ మాట ఇంకా ఎక్కడెక్కడ ఉందో వెతకలేదు, ఏం మార్చారో చూపించలేదు. అప్పీలు చూసే మనిషి ముందు మీ జీవనాధారం ఉండదు, మీ పొడి రుచీ ఉండదు. తీసేసిన కారణం, ఇప్పుడు ఆ లిస్టింగు ఉన్న తీరు, మీరు రాసిన నాలుగు ముక్కలు ఉంటాయి. కారణంగా చెప్పిన తప్పు లిస్టింగులో ఇంకా ఒక్కచోట కనబడినా 'కుదరదు' అని నొక్కి పక్క ఫైలుకు పోతారు. అందుకే ఉత్తరం కన్నా ముందు వెతుకులాట.

మొదట మీ ప్యాకెట్టును చేతిలోకి తీసుకుని ముందూ వెనకా చదవండి. పచ్చాకు బొమ్మ కింద 'మధుమేహానికి దివ్యౌషధం' అనో, 'జుట్టు రాలడం ఆగుతుంది' అనో చిన్న అక్షరాల్లో ఉంటుంది. ప్రింటరు దగ్గర పాత డిజైనుంటే దాన్నే వాడేస్తుంటారు, అందులో ఇలాంటి వాక్యం ఉందని చాలామందికి గుర్తు కూడా ఉండదు. తెలుగులో ఉంది కదా, వాళ్లకేం అర్థమవుతుందిలే అనుకోవద్దు. ప్యాకెట్టు ఫోటో కూడా లిస్టింగులో భాగమే, దాని మీది ప్రతి అక్షరమూ మీరు చెప్పినట్టే.

తర్వాత ఖాతాలో ఆ సరుకు ఎడిట్ పేజీ తెరిచి ఒక్కో గడీ చూడండి: పేరు, ముఖ్యాంశాల పాయింట్లు, వివరణ, ఫోటోల మీది రాత, వీడియో ఉంటే అందులో మాట్లాడిన మాటలు. అన్నిటికన్నా ఎక్కువమంది మర్చిపోయేది కొనేవాళ్లకు కనబడని వెతుకుడు మాటల గడి. చాలాచోట్ల దాన్ని `Search Terms` అనో `Keywords` అనో పిలుస్తారు. మొదట్లో ఎవరో చెప్పారని `sugar control powder`, `diabetes`, `hair growth` లాంటివి అక్కడ నింపి ఉంటారు. కొనేవాళ్లకు కనబడకపోయినా కంపెనీకి కనబడతాయి. వివరణలో మాట తీసేశాక కూడా మీ అప్పీలు తిరిగి వచ్చిందంటే ముందు అనుమానించాల్సింది ఈ గడినీ, ప్యాకెట్టు ఫోటోనూ.

కొన్నవాళ్ల ప్రశ్నలకు మీరిచ్చిన జవాబులూ చూడండి. 'షుగర్ ఉన్నవాళ్లు తినొచ్చా?' అని ఎవరో అడిగితే 'రోజూ రెండు చెంచాలు తినండి, తగ్గుతుంది' అని ఉత్సాహంగా రాసి ఉంటే అదీ క్లెయిమే. ఎవరో కొన్నావిడ తన సమీక్షలో 'నాకు షుగర్ తగ్గింది' అని రాస్తే అది ఆవిడ మాట. దాని కింద మీరు 'ధన్యవాదాలు, అందరికీ తగ్గుతుంది' అని రాస్తే మీ మాట అవుతుంది. ఇదే పొడి ఉన్న 100 గ్రాముల ప్యాకెట్టు, నువ్వుల పొడితో కలిపి పెట్టిన కాంబో ఉంటే వాటినీ ఇప్పుడే సరిచేయండి. ఈ లిస్టింగు తిరిగొచ్చిన వారానికి కాంబో పోతే మళ్లీ మొదటికొస్తారు.

ఈ మాటల మీద ఇంత పట్టుదల ఎందుకంటే, ఇది ఆ కంపెనీ ఇష్టాయిష్టాల విషయం కాదు. ఆహార పదార్థం ఏదైనా ఒక జబ్బును నయం చేస్తుందని, తగ్గిస్తుందని, రాకుండా ఆపుతుందని, ప్రత్యేకంగా అనుమతి ఉంటే తప్ప, చెప్పుకోకూడదని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వారి 2018 నాటి ప్రకటనలు, క్లెయిముల నిబంధనలు చెబుతున్నాయి. ఔషధాలు, మాంత్రిక చికిత్సల అభ్యంతరకర ప్రకటనల చట్టం 1954 నాటిది. మందుగా ప్రచారం చేసుకోకూడని జబ్బుల పట్టిక ఆ చట్టంలో ఉంది, అందులో మధుమేహం పేరు నేరుగా ఉంది. కరివేపాకు మంచిదని మన పెద్దవాళ్లు చెప్పింది నిజమే కావచ్చు. అది ఇంట్లో మాట. ప్యాకెట్టు మీదికెక్కితే మందు అమ్ముతున్నామన్నట్టే. కాబట్టి అప్పీలులో కరివేపాకు గుణాల గురించి వాదించకండి, ఇంటర్నెట్‌లో దొరికిన వ్యాసాలు జత చేయకండి. మీ వాదన ఎంత బాగుంటే, మీరు ఆ క్లెయిమును ఇంకా వదల్లేదని అంత బాగా రుజువవుతుంది.

రెండో అప్పీలులో జరిగింది ఇలాంటిదే. 'నేచురల్' అన్న మాటకు అవే 2018 నిబంధనల్లో షరతులున్నాయి. ఏమీ కలపని ఒంటి పదార్థానికే ఆ మాట వాడాలి. నాలుగైదు సరుకులు కలిపి చేసిన దాన్ని నేచురల్ అనకూడదు. కలిపిన ప్రతి సరుకూ ఆ షరతుకు నిలిచినప్పుడు మాత్రం 'సహజ పదార్థాలతో చేసినది' అనొచ్చు. మీ పొడిలో మినప్పప్పు, ఎండుమిర్చి, చింతపండు, వెల్లుల్లి, ఉప్పు, ఇంగువ ఉంటాయి కదా. ఒక క్లెయిము తీయమంటే అప్పీలులోనే ఇంకోటి చేర్చారు. లిస్టింగులో ఎక్కడైనా ఆ మాట ఉంటే తీసేయండి. 'ఎండబెట్టిన కరివేపాకు, పప్పులతో దంచిన పొడి. అన్నం, ఇడ్లీ, దోసెల్లోకి' అంటే చాలు, కొనేవాళ్లకు కావాల్సిందీ అదే.

ఇక లేబులు. ఫోటోలో పాత వాక్యాన్ని కంప్యూటర్లో చెరిపేసి అదే ఫోటో పెట్టే పని చేయకండి. కొన్నవాళ్ల ఇంటికి పాత ప్యాకెట్టే చేరుతుంది. ఎవరో ఒకరు ఫోటో తీసి ఫిర్యాదు చేస్తే ఈసారి మీ మీద మోసం ముద్ర పడుతుంది, దాన్నించి బయటపడటం చాలా కష్టం. లేబులు కొత్తగా వేయించాల్సిందే. ప్రింటుకిచ్చే ముందు మిగతా వివరాలూ ఒకసారి సరిచూడండి, ఎందుకంటే కొత్త లేబులు ఫోటోను మీరే వాళ్ల చేతిలో పెడుతున్నారు. సరుకు పేరు, పదార్థాల జాబితా, పోషక విలువలు, నికర బరువు, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, వాడాల్సిన గడువు తేదీ, అన్ని పన్నులతో కలిపిన ఎమ్మార్పీ, తయారుచేసిన వారి పూర్తి చిరునామా, ఫిర్యాదులకు ఫోను, ఆకుపచ్చ చుక్క గుర్తు, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ గుర్తుతో 14 అంకెల నంబరు ఉండాలి. పదార్థాలను బరువులో ఎక్కువ ఉన్నదాని నుంచి తక్కువ ఉన్నదాని వరకు వరసగా రాయాలి. పేరు కరివేపాకు పొడి అయినా తయారీలో మినప్పప్పు బరువే ఎక్కువ పడితే అదే ముందు రావాలి.

ఇక్కడ చాలామంది తప్పే చోటు ఇంగువ. మార్కెట్లో దొరికేది ఎక్కువగా బంధాని ఇంగువ, అంటే పిండితో కలిపినది. డబ్బా వెనక చదవండి. గోధుమ పిండో మైదానో ఉంటే మీ లేబులు మీద అలర్జీ సమాచారం కింద 'గోధుమ ఉంది' అని రాయాలి. బియ్యప్పిండితో కలిపిన ఇంగువ వాడితే ఆ గొడవ ఉండదు.

14 అంకెల నంబరు ఒకటితో మొదలైతే లైసెన్సు, రెండుతో మొదలైతే రిజిస్ట్రేషను. `foscos.fssai.gov.in` లో మీ నంబరు కొట్టి, గడువు నడుస్తోందా, చిరునామా సరిగా ఉందా అని చూసుకోండి. రిజిస్ట్రేషను మీ ఆయన పేరునో, డ్వాక్రా గ్రూపు పేరునో ఉండి, అమ్మే ఖాతా మీ పేరున ఉంటే అక్కడా ప్రశ్న వస్తుంది. ఆ సంబంధం ఏమిటో చూపే కాగితం సిద్ధం చేసుకోండి.

పాత సరుకు సంగతి తేల్చకుండా ఉత్తరం రాయొద్దు. ఇంట్లో ఉన్న ప్యాకెట్లు సరే, ఎన్నున్నాయో లెక్కపెట్టి పక్కన పెట్టేస్తారు. ఆ కంపెనీ గోడౌనుకు ముందే పంపిన ప్యాకెట్లు ఉన్నాయా? ఉంటే లిస్టింగు తిరిగి రాగానే అక్కడి నుంచి పాత లేబులుతోనే బయల్దేరతాయి. ఖాతాలోంచి వాటిని వెనక్కి పంపమని అభ్యర్థన పెట్టి, దాని నంబరు రాసుకోండి. అప్పీలులో ఆ నంబరు వేస్తే, తప్పు మళ్లీ జరగదనడానికి మీ దగ్గరున్న గట్టి ఆధారం అదే.

ఇవన్నీ అయ్యాక ఉత్తరం చిన్నదే. తప్పు ఎలా జరిగింది, ఏం మార్చారు, మళ్లీ జరక్కుండా ఏం పెట్టుకున్నారు, ఏం కోరుతున్నారు. ఈ వరస తప్పకండి. కింది నమూనాలో అంకెలు, తేదీలు ఉదాహరణకు వేసినవి, మీవి వేసుకోండి.

"విషయం: తీసేసిన లిస్టింగు పునరుద్ధరణకు అప్పీలు. కరివేపాకు పొడి, 200 గ్రా. లిస్టింగు నంబరు: … మీ నోటీసు తేదీ: జూన్ 18. కేసు నంబరు: …

అయ్యా/అమ్మా,

వైద్యపరమైన క్లెయిము ఉందన్న కారణంతో పై లిస్టింగును తొలగించారు. ఆ నిర్ణయం సరైనదే. పూర్తిగా పరిశీలించగా ఆ క్లెయిము నాలుగు చోట్ల కనబడింది: వివరణ రెండో పేరాలో 'షుగర్ తగ్గిస్తుంది' అన్న వాక్యం, ప్యాకెట్టు ముందువైపు 'మధుమేహానికి దివ్యౌషధం' అన్న తెలుగు వాక్యం, వెతుకుడు మాటల గడిలో మూడు పదాలు, కొనుగోలుదారుల ప్రశ్నలకు మేమిచ్చిన రెండు జవాబులు. ప్యాకెట్టు డిజైనును పాత నమూనా నుంచి తీసుకోవడం, ఆహార పదార్థానికి జబ్బు పేరు వాడకూడదన్న నిబంధన తెలుసుకోకుండా లిస్టింగు రాయడం ఇందుకు కారణం. గత మూడు అప్పీళ్లలో మేము వివరణ ఒక్కటే మార్చాం. మిగతా మూడూ అప్పుడు గమనించలేదు.

ఇప్పుడు చేసిన మార్పులు: వివరణ, ముఖ్యాంశాలు మొత్తం తిరగరాశాం. అందులో పదార్థాలు, వాడే తీరు, నిల్వ చేసే పద్ధతి మాత్రమే ఉన్నాయి. వెతుకుడు మాటల్లోంచి ఆ మూడు పదాలు తీసేశాం. రెండు జవాబులను తొలగించాం. 'నేచురల్' అన్న మాటను కూడా అన్నిచోట్లా తీసేశాం. కొత్త లేబులు జూలై 9న ముద్రించాం. ఆరు ఫోటోలనూ కొత్త ప్యాకెట్టుతో మళ్లీ తీసి పెట్టాం. పాత లేబులున్న 118 ప్యాకెట్లను అమ్మకం నుంచి తీసేశాం. మీ గోడౌనులో ఉన్న 64 ప్యాకెట్లను వెనక్కి పంపమని అభ్యర్థన పెట్టాం, నంబరు: … ఇదే పొడి ఉన్న కాంబో లిస్టింగునూ ఇలాగే సరిచేశాం, నంబరు: …

ఇకపై: లేబులు ప్రింటుకు ఇచ్చే ముందూ, లిస్టింగులో మార్పు చేసే ముందూ జబ్బు పేర్లు, 'తగ్గుతుంది', 'నయం', 'ఔషధం' వంటి మాటల పట్టికతో సరిచూస్తాం. రాసినవారు కాక రెండోవారు చదివి సంతకం చేస్తారు. కొనుగోలుదారులు ఆరోగ్యం గురించి అడిగితే 'ఇది ఆహార పదార్థం, వైద్య సలహాకు డాక్టరును సంప్రదించండి' అని మాత్రమే జవాబిస్తాం.

జతపరచినవి: కొత్త లేబులు ముందు, వెనక ఫోటోలు, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషను పత్రం, లేబులు ముద్రణ బిల్లు, మారిన గడుల స్క్రీన్‌షాట్లు.

పై మార్పులు పరిశీలించి లిస్టింగును పునరుద్ధరించవలసిందిగా కోరుతున్నాం. ఇంకా ఏదైనా సరిచేయాల్సి ఉంటే అది ఏ గడిలో ఉందో తెలియజేయగలరు."

'ఆ నిర్ణయం సరైనదే' అని రాయడానికి మనసొప్పకపోవచ్చు. కానీ సగం ఒప్పుకుని సగం వాదించే ఉత్తరమే అన్నిటికన్నా తొందరగా తిరిగొస్తుంది. 'మాది తప్పు కాదు, అయినా మార్చాం' అంటే చదివేవాళ్లకు మీరు ఏం సరిచేశారో నమ్మకం కుదరదు. నిజంగానే వాళ్లు పొరబడి ఉంటే, అంటే మీ లిస్టింగులో ఎక్కడా అలాంటి మాట లేకపోతే, అప్పుడు రాయాల్సిన ఉత్తరం వేరు. అందులో క్షమాపణలు ఉండవు, లేబులూ అన్ని గడుల స్క్రీన్‌షాట్లూ పెట్టి 'ఏ వాక్యమో చూపండి' అని అడగడమే. మీ కేసు అది కాదు.

గత అప్పీళ్ల గురించిన ఆ ఒక్క వాక్యం తీసేయకండి. మూడుసార్లు తిరిగొచ్చిన కేసు నాలుగోసారి తెరిచినప్పుడు, 'ఇందులో కొత్తేముంది?' అన్నదే వాళ్ల మొదటి ప్రశ్న. దానికి అక్కడే జవాబు దొరకాలి. 'ఇంటి పరిస్థితి ఇలా ఉంది' లాంటి బతిమాలే మాటలు ఒక్కటి కూడా వద్దు.

వాళ్ల సహాయ విభాగం తెలుగులో తీసుకుంటే ఇలాగే పంపండి. లేకుంటే ఇదే వరసలో సాదా ఇంగ్లీషులో రాయించండి. చదువుకున్న పిల్లలెవరైనా రాసిపెడతారు, కాకపోతే పెద్ద పెద్ద మాటలు వేయొద్దని చెప్పండి. తీసేసిన తెలుగు వాక్యాన్ని మాత్రం తెలుగులో ఉన్నది ఉన్నట్టే వేసి, పక్కన అర్థం రాయండి. ఫారంలో అక్షరాల పరిమితి ఉండి ఉత్తరం పట్టకపోతే, మార్పుల పేరా ఉంచి మిగతావి కుదించండి. తొలగించిన లిస్టింగును ఎడిట్ చేయనివ్వకుండా తాళం వేసి ఉంటే, 'సరిచేశాం' అని రాయకండి. 'కింది పాఠంతో మార్చడానికి సిద్ధంగా ఉన్నాం' అని రాసి కొత్త వివరణ మొత్తం అక్కడే పెట్టండి. చేయని పనిని చేశామని రాస్తే ఒక్క నొక్కుతో బయటపడుతుంది.

ఫోటోలు పగటి వెలుతురులో, ప్యాకెట్టును బల్ల మీద పరిచి, నేరుగా పైనుంచి తీయండి. మెరిసే కవరు మీద ఫ్లాష్ పడితే సరిగ్గా ఆ 14 అంకెల మీదే తెల్లమచ్చ వస్తుంది. ఫోటోను పెద్దది చేసి చూస్తే బ్యాచ్ నంబరు కూడా చదవగలగాలి. ఫైళ్లకు `label_front.jpg`, `label_back.jpg`, `fssai_certificate.pdf` అని పేర్లు పెట్టండి. వాట్సాప్‌లో పంపించుకున్న ఫోటోలు జత చేయొద్దు, నాణ్యత తగ్గి అక్షరాలు అలుక్కుపోతాయి.

పంపేది ఒక్కసారే, పాత కేసు నంబరు మీదనే. రోజుకొకటి పంపితే వేర్వేరు మనుషుల దగ్గరకు పోయి, ఒకరు చూస్తుండగా ఇంకొకరు మూసేస్తారు. జవాబు వచ్చేదాకా ఫోటోలూ వివరణా మళ్లీ కదపకండి, ఉత్తరంలో రాసిందీ తెర మీద కనబడేదీ ఒకటిగా ఉండాలి. ఈ-కామర్స్ నిబంధనలు, 2020 ప్రకారం 48 గంటల్లో ఫిర్యాదు అందిందని చెప్పాలి కదా, నెలలో తేల్చాలి కదా అని బెదిరిస్తూ రాయమని కొందరు చెబుతారు. ఆ గడువులు వినియోగదారుల ఫిర్యాదులకు. అమ్మేవాళ్ల అప్పీలుకు మీకూ వాళ్లకూ ఉన్న ఒప్పందంలోని షరతులే దిక్కు.

మళ్లీ తిరస్కరిస్తే జవాబులోని కారణాన్ని పాతదానితో పక్కపక్కన పెట్టి చదవండి. అదే వాక్యం అక్షరం మారకుండా వస్తే ఎక్కడో ఇంకా ఆ మాట మిగిలి ఉందని అర్థం. ఫోటోల్లో ఆరోదో, వీడియోలో చివరి క్షణాల్లోనో చూడండి. కారణం మారి 'పత్రాలు సరిపోలేదు' అని వస్తే క్లెయిము గండం గడిచినట్టే. ఇక పేరు, చిరునామా, గడువు తేదీ సరిపోతున్నాయో లేదో చూసుకుని సరైన పత్రంతో జవాబివ్వండి. అప్పుడు ఉత్తరం మొదటి నుంచి తిరగరాయక్కర్లేదు.

లిస్టింగు తిరిగి కనబడిన రోజున ఇంకొకరి ఫోనులోంచి, మీ ఖాతాలోకి పోకుండా, కొనేవాళ్లలాగా తెరిచి చూడండి. కొన్నిసార్లు పాత ఫోటోలే ముందుకొచ్చి కూర్చుంటాయి. అలా వస్తే ఆర్డర్లు తీసుకోకముందే స్టాకు సున్నా చేసి, ఫోటోలు మార్చి, అప్పుడు మళ్లీ తెరవండి.